లేవగానే నోరు పిడచకట్టుకుపోతే: తలాపున నీళ్లా, పక్కకు తిరిగి పడుకోవడమా?

తెల్లవారి లేచేసరికి నాలుక అంగిటికి అతుక్కుపోతోందని చెప్పేవారు మా బంధువుల్లోనే అరడజను మంది ఉన్నారు. తలాపున నీళ్ల సీసా పెట్టుకుంటే చాలదా అన్నదే అందరి ప్రశ్న.

నిద్రలో ఎవరికైనా లాలాజలం ఊరడం తగ్గుతుంది. గురకపెట్టేవారిలో ఆ కాస్త తడిని కూడా తెరిచిన నోటిలో నుంచి వచ్చిపోయే గాలి ఆరబెట్టేస్తుంది. మందుల వల్ల వచ్చే ఎండుదనం వేరు: అలర్జీకి వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్, నరాల నొప్పికి రాత్రిపూట ఇచ్చే అమిట్రిప్టిలిన్ వంటివి లాలాజల గ్రంథులకు అందవలసిన సంకేతాన్నే అడ్డుకుంటాయి. ఈ రెండింటిలో మీది ఏదన్నదే అసలు సంగతి, దానిని పోల్చుకోవడానికి మన జొన్నరొట్టె చాలు. పగలు కూడా నీళ్ల గుక్క లేనిదే రొట్టె ముక్క దిగకపోతే మందును అనుమానించాలి. లేచిన కాసేపటికే ఎండుదనం పోయి, రొట్టె మామూలుగా దిగుతుంటే తెరిచిన నోటినే అనుమానించాలి.

మహబూబ్‌నగర్‌లో ఉండే మా పెద్దమ్మది గురకతో నోరు తెరుచుకునే రకం. రాత్రికి లీటరు నీళ్లు తాగి మూడుసార్లు మూత్రానికి లేచేదే తప్ప, తడిసిన గొంతు పది నిమిషాల్లో మళ్లీ ఎండేది. అందుకని పడుకునే ముందు, మరిగించి చల్లార్చిన గ్లాసెడు నీటిలో అర చెంచా ఉప్పు కలిపి, ఆ నీటితో ముక్కు కడుక్కోవడం అలవాటు చేశాము. వెల్లకిలా తిరగకుండా వీపు వెనుక బిగువైన దిండు పెట్టి, నేరుగా ముఖానికి కొట్టే టేబుల్ ఫ్యానును కాళ్ల వైపు తిప్పాము. వారం తిరిగేసరికి సీసాలోని నీళ్లు సగానికి పైగా మిగలసాగాయి. కాబట్టి గురక వారికి నా ఓటు దిండుకే. సాయంత్రం కల్లు తాగే అలవాటున్నవారికి మాత్రం గొంతు కండరాలు మరింత వదులై, దిండు పెట్టినా గురక తగ్గకపోవచ్చు. గురక మధ్యలో శ్వాస ఆగి, ఉక్కిరిబిక్కిరై లేస్తుంటే దిండుతో సరిపెట్టుకోకుండా నిద్ర పరీక్ష చేయించుకోవాలి.

మందు వల్ల అయితే దిండుతో పని లేదు. మందును సొంతంగా మానేయకుండా, మోతాదు తగ్గించవచ్చా, బదులు వేరొకటి ఉందా అని రాసిన డాక్టరునే అడగాలి. వీరికి తలాపున నీళ్లు తప్పవు గాని, గటగటా తాగకుండా నోరు తడిపేంత గుక్క చాలు.

నోటికి టేపు అంటించుకోవడం ముక్కు మూసుకుపోయేవారికి ప్రమాదం. చక్కెర లేని చూయింగ్ గమ్ మెలకువగా ఉన్నంతసేపే పనికొస్తుంది. చప్పరించే పుల్లని బిళ్లలు అసలే వద్దు, ఎందుకంటే లాలాజలం తక్కువైన నోటిలో పళ్లు త్వరగా పుచ్చుతాయి. రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోముకొని, నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండానే పడుకోవాలి.