డాలీ డిమ్మింగ్ పెట్టించుకుంటున్నారా? బిల్లు పాస్ చేసే ముందు సెన్సర్‌ను మూసి చూడండి

కిటికీ వెలుతురును బట్టి ఆఫీసు లైట్లు వాటంతట అవే తగ్గే సిస్టమ్ కొంటున్నవాళ్లకు ఈ హెచ్చరిక. లైట్లకు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి పేరు "డాలీ". కొటేషన్‌లో ఆ పేరు రాసి ఉంటే సరిపోదు. ఆ పేరుతో మాకు అంటగట్టింది చూడండి.

మాది గచ్చిబౌలిలో ఓపెన్ ఆఫీసు. పడమర వైపు పొడవునా అద్దాలు. వాటికి 1.5, 4, 6.5 మీటర్ల దూరంలో మూడు వరుసల లైట్లు ఉన్నాయి. అద్దం పైఅంచు 2.4 మీటర్ల ఎత్తు. పగటి వెలుతురు పనికొచ్చేంతగా లోపలికి వచ్చేది సుమారుగా ఆ ఎత్తుకు రెండింతల దూరం వరకే. అంటే మొదటి వరుస బాగా తగ్గాలి, రెండోది కొంచెం, మూడోది దాదాపు కదలకూడదు. డాలీలో ఒక్కో లైన్‌పై, లైట్లకు కరెంటు అందించే డ్రైవర్లకు 64 దాకా విడివిడిగా అడ్రస్ ఇచ్చి 16 గ్రూపులు చేసుకోవచ్చు. ఎక్కువ డబ్బు పెట్టేదే అందుకు. మా వెండర్ అసలు అడ్రస్‌లే ఇవ్వలేదు. అన్నిటికీ బ్రాడ్‌కాస్ట్‌లో ఒకే ఆదేశం! మధ్యాహ్నం మూడింటికి కిటికీ పక్కన వెలుతురే వెలుతురు, గోడవైపు బల్లపై లక్స్ మీటర్ 140 చూపిస్తోంది. కావాల్సింది 500.

రెండో తంటా సెన్సర్. దాన్ని అద్దానికి అరమీటరు దూరంలో సీలింగ్‌కు బిగించారు. ఎండ పడగానే అందరూ తెల్ల బ్లైండ్లు దించేస్తారు. ఎండకు బ్లైండ్ ధగధగ మెరుస్తుంటే సెన్సర్ దాన్ని చూసి బోలెడు వెలుతురు ఉందనుకుని లైట్లు ఇంకా తగ్గించేస్తుంది. అది చూడాల్సింది ఆ వరుస కింది బల్లలను, బ్లైండ్‌ను కాదు.

గొడవ చేస్తే టెక్నీషియన్ వచ్చి, కనీస స్థాయిని "సగానికి పెంచాం" అని 254లో 128 పెట్టి వెళ్లాడు. డాలీ మామూలు కర్వ్‌లో అంకె పెరిగినంత సూటిగా వెలుగు పెరగదు, 128 అంటే సుమారు 3 శాతం వెలుగే. సగం కావాలంటే 229 పెట్టాలి. ఇది తెలియనివాళ్లే కమిషనింగ్ చేశారన్నమాట.

కాబట్టి ఏ డ్రైవర్‌కు ఏ అడ్రస్, ఏ గ్రూపో రాసిచ్చిన పట్టిక లేకుండా చివరి పేమెంట్ ఇవ్వకండి. పట్టపగలు సెన్సర్‌ను అట్టముక్కతో మూయించండి. లైట్లు నెమ్మదిగా పెరగాలి, అదీ ఆ సెన్సర్‌కు చెందిన వరుసలోనే. మొత్తం ఫ్లోర్ ఒక్కసారిగా వెలిగిందంటే మా కథే. చీకటి పడ్డాక, బల్లలూ కుర్చీలూ వేసి ఉన్నప్పుడు, మీటర్ బల్లపై పెట్టి 500 లక్స్‌కు సెట్ చేయించండి. ఖాళీ ఫ్లోర్‌లో చేసిన సెట్టింగ్ ఫర్నిచర్ వచ్చాక తప్పుతుంది, ఎందుకంటే సెన్సర్‌కు కనిపించేది కింది నుంచి తిరిగి వచ్చే వెలుగే.

ఇప్పుడు మా వెండర్ "వరుసలు విడదీయాలంటే రీవైరింగ్ చేయాలి" అని కొత్త కొటేషన్ పంపాడు. ఆ మాట నమ్మకండి. డాలీ డ్రైవర్లు ఉన్నచోట గ్రూపులు మార్చడం ల్యాప్‌టాప్‌తో అయ్యే పని, లైట్ల వైర్లు ముట్టుకోనక్కర్లేదు. సెన్సర్ జరపడానికి మాత్రం కొద్దిగా కేబుల్ కావాలి, అంతే.