సిన్‌క్రెటిజమా, పోటీ సహనమా, పంచుకోవడమా? ఉమ్మడి క్షేత్రాలకు ఏ మాట మేలు

హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కే దర్గా మీద సెమినార్ పేపర్ రాయాలంటే మొదటి పేజీలోనే ఒక పదం ఎంచుకోవాలి. ఎక్కువమంది చెయ్యి ‘సిన్‌క్రెటిజం’ మీదకే పోతుంది. రెండు మతాలు కలిసిపోయి మూడో రూపం వచ్చిందని దాని భావం. దానికి పోటీగా మరో రెండు మాటలు ఉన్నాయి. ఒకటి మానవశాస్త్రజ్ఞుడు రాబర్ట్ హేడెన్ 2002లో ముందుకు తెచ్చినది, ‘పోటీతో కూడిన సహనం’. ఇంకొకటి గ్లెన్ బోమన్ లాంటి మానవశాస్త్రజ్ఞులు వాడేది, ‘పంచుకోవడం’: ఒకే చోట ఎవరు ఏం చేస్తున్నారో చూసి, చూసినంత మేరకే చెప్పడం. ఈ మూడింటినీ ఒకే క్షేత్రం మీద పెట్టి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అందుకు నేను ఎంచుకునేది కర్ణాటకలో చిక్కమగళూరు దగ్గరి బాబా బుడన్‌గిరి.

కొండ మీద ఒక గుహ. ముస్లింలకు అది సూఫీ సాధువు దాదా హయాత్ మీర్ కలందర్ ఉన్న చోటు, హిందువులకు దత్తాత్రేయుడి పీఠం. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు ‘శ్రీ గురు దత్తాత్రేయ బాబా బుడన్‌స్వామి దర్గా’. ఈ పేరు చూడగానే సిన్‌క్రెటిజానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదనిపిస్తుంది. రెండు పేర్లు కలిసి ఒకటైపోయాయి కదా. సెమినార్‌లో ఎవరైనా ఇక్కడ ఆగిపోతే నేను అడిగే ప్రశ్న ఒకటే: గుహలో ఉన్న పాదుకల మీద పువ్వులు పెట్టేది ఎవరు?

చాలాకాలం ఆ పని ముజావర్‌ది. పాదుకలకు పువ్వులు పెట్టడం, నందాదీపం వెలిగించడం, వచ్చినవాళ్లకు తీర్థం ఇవ్వడం, అన్నీ ముస్లిం సేవకుడి చేతుల మీదుగానే జరిగేవి. హిందువులు ఆ తీర్థం పుచ్చుకునేవారు. ఈ స్థలం వక్ఫ్ బోర్డుదా, దేవాదాయ శాఖదా అని 1970లలో గొడవ మొదలైంది. దానిమీద కేసులు నడిచాక, 1975కు ముందు ఏ ఆచారాలు ఉండేవో దేవాదాయ కమిషనర్ 1989లో జాబితా రాశారు. ఈ జాబితా నాకు చాలా విలువైనదనిపిస్తుంది. అందులో ‘కలిసిపోయిన మతం’ ఎక్కడా లేదు. ఉన్నవన్నీ పనులే: ఎవరు లోపలికి వెళ్తారు, ఏం వెలిగిస్తారు, ఏం ఇస్తారు.

ఆ తర్వాతి కథ ఇంకా ముఖ్యం. ముజావరే పూజాక్రమం కొనసాగించాలని 2018లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2021 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు చెప్పిన కారణాలు రెండు. ఒకటి, తమ పద్ధతిలో పూజ చేయించుకునే హక్కు హిందువులకు లేకుండా పోతోంది. రెండు, పాదుక పూజ చేయడం, నందాదీపం వెలిగించడం ముజావర్ విశ్వాసానికి విరుద్ధం, ఆయనచేత బలవంతంగా చేయిస్తున్నారు. 2022లో ప్రభుత్వం నిర్వహణ కమిటీని వేసింది, ఆ ఏడాది దత్త జయంతికి హిందూ అర్చకులు పూజ చేశారు.

రెండో కారణం మళ్లీ చదవండి. తరాలుగా ఆ దీపం వెలిగించిన కుటుంబానికి ఆ పని వాళ్ల విశ్వాసానికి విరుద్ధం ఎలా అయింది? కోర్టు ముందు రెండు పెట్టెలే ఉన్నాయి, హిందూ ఆచారం, ఇస్లాం. దీపం మొదటి పెట్టెలోది, ముజావర్ రెండో పెట్టెలోవాడు. కాబట్టి పొసగదు. ఇప్పుడు సిన్‌క్రెటిజం అనే పదాన్ని ఈ తీర్పు పక్కన పెట్టి పోల్చి చూడండి, దానికున్నవీ ఆ రెండు పెట్టెలే. ముందు శుద్ధమైన హిందూమతం ఒకటి, శుద్ధమైన ఇస్లాం ఒకటి ఉన్నాయని, తర్వాత అవి కలిశాయని ఆ పదం ఒప్పుకుంటుంది. కలిసినవాటిని విడదీయొచ్చని చెప్పేవాళ్లకు అంతకంటే ఏం కావాలి? ఈ కొండ మీది సామరస్యాన్ని కాపాడాలని పోరాడినవాళ్లు ఎంతో నిజాయితీగా ఈ పదాన్ని వాడారు. కానీ ఎదుటివాళ్లతో పంచుకున్న పునాది మీద నిలబడే వాళ్లు వాదించారని నాకు అనిపిస్తుంది, అది బాధగానే ఉంటుంది.

ఈ పదం మీద విమర్శ కొత్తది కాదు. 17వ శతాబ్దంలో జర్మన్ లూథరన్ పండితుడు కాలిక్స్టస్ క్రైస్తవ శాఖలను దగ్గర చేయాలని చూసినప్పుడు, సిద్ధాంతాన్ని కలుషితం చేస్తున్నాడని ప్రత్యర్థులు ఆయన్ని ఈ మాటతోనే తిట్టారు. ఆ మచ్చ పూర్తిగా పోలేదు. బెంగాల్‌లో హిందువులూ ముస్లింలూ కొలిచే సత్యపీర్ కథలు చదివిన పండితుడు టోనీ స్టూవర్ట్ వేరే తప్పు పట్టుకున్నారు. అప్పు తెచ్చుకోవడం, పైన పూత వేయడం, లోహాలు కరిగించి కలపడం, సంకరజాతి పుట్టడం లాంటి పోలికల మీదే ఈ పదం బతుకుతోందని, ఈ పోలికలన్నీ మనుషుల్ని మాయం చేస్తాయని ఆయన వాదన. బాబా బుడన్‌గిరికి ఇది సరిగ్గా సరిపోతుంది. ‘మతాలు కలిశాయి’ అనగానే వాక్యంలో ముజావర్ ఉండడు.

అలాగని ఈ పదానికి ఏ చోటూ లేదనను. 1994లో మానవశాస్త్రజ్ఞులు చార్లెస్ స్టూవర్ట్, రోజలిండ్ షా దాన్ని వేరే రకంగా బతికించారు. ఏది మిశ్రమం, ఏది శుద్ధం అని ఎవరు ప్రకటిస్తున్నారు, ఎందుకు ప్రకటిస్తున్నారు అన్నదే అసలు పరిశోధన అన్నారు. ఆ అర్థంలో సిన్‌క్రెటిజం పనికొస్తుంది. అప్పుడది క్షేత్రానికి పెట్టే పేరు కాదు, క్షేత్రం గురించి జనం చేసే వాదనకు పేరు.

ఇక హేడెన్ మాట. మహారాష్ట్రలోని మఢీ క్షేత్రాన్ని ఆయన చూశారు. అక్కడ హిందువులకు కానిఫ్‌నాథుడు, ముస్లింలకు షా రంజాన్. పంచుకోవడం అన్నది ఎప్పటికీ నిలిచే స్థితి కాదు, రెండు వర్గాల పోటీలో ఒక దశ మాత్రమే అంటారు ఆయన. ఒకరి ఆధిపత్యం తేలిపోయిన చోట రెండోవాళ్లు ఊరుకుంటారు, ఆ ఊరుకోవడమే మనకు సహనంగా కనిపిస్తుంది. ఎవరిది పైచేయో చూడటానికి ఆయన బృందం పైకి కనిపించే గుర్తులు ఎంచుకుంది: ఏ కట్టడం ఎత్తుగా ఉంది, ఏది ఊరి నడిమధ్యలో ఉంది, ఎవరి శబ్దం దూరానికి వినిపిస్తుంది.

బాబా బుడన్‌గిరి విషయంలో ఈ మాట సిన్‌క్రెటిజం కంటే చాలా బలమైనది. వక్ఫ్ బోర్డు, దేవాదాయ శాఖ, ఉత్తర్వు, కమిటీ, అర్చకుడు, ఈ వరుస మొత్తం ఇందులో ఇముడుతుంది. కాలం అనేది కథలోకి వస్తుంది. మా సెమినార్‌లో ఒక విద్యార్థి, ‘‘మేడం, హేడెన్ చెప్పినట్టే జరిగింది కదా, ఇంక వేరే మాట ఎందుకు?’’ అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

అతనికి నేను చూపించింది అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడు. మొహర్రంలో కుళ్లాయిస్వామి పీరు దగ్గరికి వచ్చే వేలమందిలో ఎక్కువమంది హిందువులే. ఎర్ర దారం కట్టుకుని ఫకీరు దీక్ష పడతారు, ఉపవాసం ఉంటారు, ముజావర్‌చేత ఫాతేహా చదివిస్తారు, పిల్లలకు కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. ఇక్కడ పరిశోధన చేసిన అఫ్సర్ మహమ్మద్ గమనించిన ఘర్షణ హిందూ ముస్లింల మధ్యది కాదు. ‘అసలీ ఇస్లాం’ కావాలనే ముస్లింలకూ, పీర్ల పండుగ చేసుకునే ముస్లింలకూ మధ్యది. హేడెన్ లెక్కలో వర్గాలు రెండు, అవి ముందే గట్టిగా కట్టుకుని ఉంటాయి. గూగూడులో గీత ఒక వర్గం లోపలే గీసి ఉంది. బోమన్ హేడెన్‌ను తప్పుపట్టింది కూడా ఇందుకే. క్షేత్రానికి వచ్చిన మనిషి జబ్బుపడ్డ బిడ్డ తల్లిగా వస్తుంది, మొక్కు ఉన్న రైతుగా వస్తాడు. అక్కడ మతమే అన్నిటికంటే ముందు నిలబడాలని రూలేం లేదు. దాన్ని ముందుకు తోసేది ఎవరో, ఎప్పుడో కనిపెట్టాలి.

బోమన్ చూపిన పాలస్తీనా ఉదాహరణ నాకు చాలా ఇష్టం. బెత్లెహెం పక్కన బేత్ సాహూర్‌లో 1983లో ఒక నీటి తొట్టి దగ్గర మరియమ్మ కనిపించిందని జనం నమ్మారు. అక్కడ ప్రార్థనాస్థలం కట్టింది చర్చి కాదు, మునిసిపాలిటీ. ఊళ్లోని క్రైస్తవులూ ముస్లింలూ ఇద్దరూ వస్తారు. పట్టణమే దాన్ని చూసుకుంటోంది కాబట్టి ఎవరు ఎలా మొక్కాలో శాసించే మతాధికారి లోపల లేడు. సిన్‌క్రెటిజం ఇక్కడ ఏ మతం ఎంత శాతం కలిసిందో వెతుకుతుంది. పోటీ సహనం ఆధిపత్యం ఎవరిదో అడుగుతుంది. పంచుకోవడం అనే చూపు మాత్రం తాళంచెవి మునిసిపాలిటీ దగ్గర ఉందన్న సంగతిని పట్టుకుంటుంది. ఆ ఉమ్మడితనం నిలవడంలో దాని పాత్ర చాలా పెద్దది.

కాబట్టి నా ఓటు పంచుకోవడానికే, కానీ ఒక షరతు మీద. ఆ మాట వినడానికి తియ్యగా ఉంటుంది. అది రాసి ఊరుకుంటే సిన్‌క్రెటిజం చేసిన తప్పే మళ్లీ చేసినట్టు. ఒకే చోటికి వచ్చి పక్కపక్కనే వేర్వేరు పనులు చేసుకుని పోవడం ఒకటి, ఒకరి చేతి తీర్థం ఇంకొకరు తాగడం ఇంకొకటి. బోమన్ కూడా ఈ తేడా పాటించాలనే అంటారు. పేపర్ సరైన దారిలో ఉందో లేదో తెలుసుకోవడానికి నేను చూసేది క్రియాపదాలను. వాక్యాల్లో కర్తలు ‘ఇస్లాం’, ‘హిందూమతం’ అయితే పేపర్ దారి తప్పింది. ముజావర్ వెలిగించాడు, ఆమె కట్టుకుంది, కమిటీ తీసేసింది అని ఉంటే బాగానే నడుస్తోంది.

ఈ చూపుకీ ఒక లోటు ఉంది, దాన్ని దాచలేం. ఒక పండుగ రోజు ఏం జరుగుతోందో ఇది బాగా చెబుతుంది, ఇరవై ఏళ్ల తర్వాత అది ఎందుకు మారిపోయిందో చెప్పడానికి చాలదు. అక్కడ హేడెన్ కావాల్సిందే. బాబా బుడన్‌గిరి గురించి రాసేవాళ్లు 1989 జాబితాతో మొదలుపెట్టి, ఒక్కో పని ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి, ఏ సంవత్సరం, ఏ కాగితం మీద మారిందో రాసుకుంటూ పోతే రెండు చూపులూ ఒకే చోటికి వస్తాయి. సిన్‌క్రెటిజం అనే మాట ఆ వరుసలో వస్తుంది, కానీ కొటేషన్ మార్కుల్లో, ఎవరు ఏ సందర్భంలో అన్నారో చెబుతూ.