పాపిట ఫొటోలు: మినాక్సిడిల్‌తో ఏడాది

మాది పాలకొల్లు. పాపిట వెడల్పవుతోందని భీమవరంలో స్కిన్ డాక్టరుగారికి చూపిస్తే, ముందు థైరాయిడ్ పరీక్ష, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించారు. రెండూ బాగానే ఉన్నాయి. వంశపారంపర్యంగా పలచబడడమేనని చెప్పి, 5 శాతం మినాక్సిడిల్ లోషన్ రోజూ రాత్రి 1 ఎంఎల్, ఆరిన మాడుకి రాయమన్నారు.

జుట్టు నెలకి సుమారు సెంటీమీటరే పెరుగుతుంది. రోజూ అద్దంలో చూస్తే ఏమీ తేలదు కాబట్టి నెలకొక ఫొటో పెట్టుకున్నాను. తలంటుకున్న మర్నాడు, నూనె లేకుండా, అదే కిటికీ దగ్గర, అదే చోట పాపిట తీసి, ఫ్లాష్ వేయకుండా మా అబ్బాయి చేత తీయించేదాన్ని. తడిగా ఉన్నా, కొబ్బరి నూనె రాసినా పాయలు అతుక్కుని మాడు ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి ఫొటోలు పోల్చి ఏడవడం దండగ.

రెండో నెలలో దువ్వెన నిండా జుట్టే. ఊడడానికి సిద్ధంగా ఉన్న పాత వెంట్రుకల్ని మందు తొందరగా పంపేస్తుంది, ఆ కుదుళ్లలోనే కొత్తవి వస్తాయి. "ఉన్నది కూడా పోతోంది, మానెయ్యమ్మా" అని అత్తయ్యగారి గొడవ. మానలేదు. మూడో నెల ఫొటో మొదటిదానికన్నా ఘోరంగా ఉంది, రాలడం మాత్రం అప్పటికి తగ్గింది.

నాలుగో నెలలో పాపిట పొడవునా పొట్టి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. తెగినవేమో అనుకోకుండా దగ్గరగా చూశాను. తెగినదానికి కొస మొద్దుగా ఉంటుంది, కొత్తదానికి సన్నగా తేలిపోతుంది. నావి ఎక్కువ సన్నకొసలవే. ఆ తర్వాతి నెల ఫొటోలో జుట్టు ఒత్తుగా కనిపించి సంబరపడ్డాం, కానీ అది ముసురు రోజు. మన గోదావరి గాలి చెమ్మకి జుట్టంతా ఉబ్బింది. ఎండ కాసిన రోజు మళ్లీ తీస్తే అంత లేదు. నిజంగా పాపిట సన్నబడింది ఎనిమిదో నెలకి. నుదుటి పక్కల మాత్రం పెద్ద తేడా రాలేదు, ఏడాదికీ అంతే.

లోషన్‌లో ప్రొపైలీన్ గ్లైకాల్ ఉంటుంది, అది పడక మాడు దురద పెట్టి పొట్టు రాలింది. డాక్టరుగారు అది లేని, నురగలా ఉండే మినాక్సిడిల్ ఫోమ్‌కి మార్చాక తగ్గింది. బుగ్గల మీద నూగు కూడా వచ్చింది. తల ఆరకముందే పడుకుంటే మందు దిండుకి అంటి మొహానికి తగులుతుందట. అందుకని ఇప్పుడు పడుకోవడానికి రెండు గంటల ముందే రాసి చేతులు కడుక్కుంటున్నాను.

మానేస్తే మూడు నాలుగు నెలల్లో వచ్చిన జుట్టు వచ్చినట్టే పోతుంది. అది తెలిసే వాడుతున్నాను. ఫొటోలు చూసి మా ఆడపడుచు "నేనూ రాసుకోనా వదినా" అంది. తను చంటిదానికి పాలిస్తోంది. ఇప్పుడు వద్దు, కాన్పు తర్వాత కొన్నాళ్లు రాలడం మామూలే, పాలు మాన్పించాకా తగ్గకపోతే డాక్టరుకి చూపించుకుందువుగాని అన్నాను.