1.5 జీబీ మధ్యాహ్నానికే అయిపోతుంటే: 2 జీబీ ప్లానా, నెల ప్యాకా, వోచరా?

"ఏటండీ, సిగ్నల్ ఫుల్లుగానే ఉంది, నెట్టు మాత్రం రావట్నేదు" అంటూ స్క్రీన్‌షాట్ పంపేవాళ్లు ఎక్కువయ్యారు. అందులో 1.5 GBకి 1.5 GB వాడేసినట్టు నిండుగా ఉన్న గీత, దాని కింద వేగం 64 Kbpsకి తగ్గించామన్న మాట ఉంటాయి. ఆ వెంటనే వచ్చే ప్రశ్న కూడా ఒకటే. రోజుకి 2 జీబీ ప్లాన్‌కి మారాలా, రోజు లెక్క లేని నెల ప్యాక్ తీసుకోవాలా, కావలసినప్పుడు వోచర్ వేసుకుంటే సరిపోతుందా?

ముందు ఇది నిజంగా కోటా అయిపోవడమేనా అన్నది తేల్చుకోవాలి. సిరిమానోత్సవం రోజు విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో, రథసప్తమికి అరసవల్లిలోనో నిలబడితే కోటా నిండుగా ఉన్నా నెట్ రాదు. అక్కడ టవర్ మీద భారం పెరిగిపోతుంది. తేడా తెలియాలంటే ఫోన్ పైపట్టీలో నెట్ వేగం చూపించే సెట్టింగ్ ఆన్ చేసి, ఏదైనా ఒక ఫైల్ డౌన్‌లోడ్ పెట్టండి. రద్దీ వల్ల అయితే అంకె ఎగిరి పడుతుంది: ఒకసారి 300 KB/s, ఒకసారి సున్నా. కోటా అయిపోతే 7, 8 KB/s దగ్గర కదలకుండా కూర్చుంటుంది. "64 అన్నారు, 8 కూడా రావట్లేదు" అని చాలామంది కంగారు పడతారు గానీ రెండూ ఒకటే. కంపెనీ చెప్పేది బిట్లలో, ఫోన్ చూపించేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 64ని 8తో భాగిస్తే 8 వస్తుంది.

సెకనుకి 8 KB అంటే ఒక MB దిగడానికి రెండు నిమిషాల పైన పడుతుంది. వాట్సాప్‌లో రాసిన మాట వెళ్తుంది, 200 KB ఫోటో పాతిక సెకన్లకి వస్తుంది, వీడియో మాత్రం అతి తక్కువ నాణ్యతలో కూడా ఆగి ఆగి నడుస్తుంది. మామూలు ఫోన్ కాల్స్‌కి ఈ కోతతో సంబంధం లేదు. ఇబ్బంది ఎక్కువగా యూపీఐ దగ్గర వస్తుంది. చెల్లింపుకి కావలసింది కొద్ది KBలే అయినా, యాప్ తెరుచుకునేటప్పుడు బొమ్మలూ ప్రకటనలూ ఆ చిన్న దారిలోంచే రావాలి. ఈలోగా వెనకాల ఫోటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు కూడా అదే 8 KB పంచుకుంటాయి. అందుకే కోటా అయిపోగానే డేటా సేవర్ ఆన్ చేయండి. దారి మీరు వాడుతున్న యాప్‌కే మిగులుతుంది. చెల్లింపు మధ్యలో ఆగినట్టు కనిపిస్తే మళ్లీ నొక్కకుండా ముందు హిస్టరీ చూడండి.

ఇక ఎంపిక సంగతి. ఇక్కడ అందరూ చూసేది ఎన్ని జీబీలు అన్నది. నా దృష్టిలో చూడవలసింది ఎన్ని గంటలకి అయిపోయింది అన్నది. స్క్రీన్‌షాట్ ఈ విషయం చెప్పదు. రాత్రి పదకొండుకి తీసినా, మధ్యాహ్నం ఒంటిగంటకి తీసినా 1.5/1.5 అనే కనిపిస్తుంది. గీత నిండాక మీకు ఇంకా ఎంత కావలసి వచ్చిందో దానికి తెలియదు. అది తెలిసేది ఎస్సెమ్మెస్‌ల వల్ల. కోటాలో 50 శాతం, 90 శాతం, 100 శాతం అయినప్పుడు కంపెనీ నుంచి మెసేజ్ వస్తుంది. వాటిని చెరిపేయకుండా ఒక వారం ఉంచి, 100 శాతం మెసేజ్ ఏ రోజు ఏ టైముకి వచ్చిందో కాగితం మీద రాసుకోండి.

ఒక లెక్క వేసి చూద్దాం. బొబ్బిలి దగ్గర ఊరి నుంచి రోజూ రైల్లో విజయనగరం వచ్చి డిగ్రీ చదువుతున్న అమ్మాయి అనుకుందాం. ప్లాన్ 28 రోజులు, రోజుకి 1.5 జీబీ. సోమవారం 0.9, మంగళవారం 1.1, బుధవారం 0.8, శుక్రవారం 1.0 వాడింది. ఈ నాలుగు రోజులూ 100 శాతం మెసేజే రాలేదు. గురువారం రాత్రి 10.40కి వచ్చింది. శనివారం సాయంత్రం 7.30కి, ఆదివారం మధ్యాహ్నం 1.10కి వచ్చింది.

గురువారం గురించి పట్టించుకోనక్కర్లేదు. పడుకునే వేళకి అయిపోయింది, అర్ధరాత్రి దాటితే కొత్త కోటా వస్తుంది. శనివారం ఉదయం 7 నుంచి పన్నెండున్నర గంటల్లో 1.5 జీబీ అయింది, అంటే గంటకి 0.12. రాత్రి పదిన్నర దాకా అదే తీరున వాడితే ఇంకో 0.4 జీబీ చాలు. అసలు సమస్య ఆదివారంది. ఆరు గంటల్లోనే 1.5 అయింది, గంటకి పావు జీబీ. రాత్రి పది వరకు ఇంకా తొమ్మిది గంటలుంది కాబట్టి మరో 2.2 జీబీ కావాలి. స్క్రీన్‌షాట్‌లో 1.5గా కనిపించిన ఆదివారం అవసరం నిజానికి 3.7 జీబీ.

ఇప్పుడు 2 జీబీ ప్లాన్ పెట్టి చూడండి. శనివారం సమస్య పూర్తిగా తీరుతుంది. ఆదివారం మాత్రం అదనంగా వచ్చే అర జీబీ గంటకి పావు చొప్పున రెండు గంటలే ఆడుతుంది. 1.10కి ఆగేది 3.10కి ఆగుతుంది. రెండు ప్లాన్ల మధ్య తేడా సాధారణంగా 50 రూపాయల అటూ ఇటూ ఉంటుంది. ఆ డబ్బుతో పెరిగిన కోటా సోమవారం, బుధవారం కూడా వస్తుంది, కానీ ఆ రోజుల్లో పాతదే మిగిలిపోతోంది. మిగిలింది మర్నాటికి రాదు, రాత్రి పన్నెండుకి పోతుంది.

నెల ప్యాక్‌లో ఆ బాధ లేదు, సోమవారం మిగిలింది ఆదివారం వాడుకోవచ్చు. వినడానికి ఈ అమ్మాయి కోసమే చేసినట్టుంటుంది. కానీ వారం మొత్తం కూడితే 10.9 జీబీ అయింది. దాదాపు అదే ధరకి దొరికే నెల ప్యాక్‌లో 25 జీబీ ఉంటుందనుకుంటే, అది పదహారో రోజుకి ఖాళీ. రోజు ప్లాన్‌లో ఆగితే ఆ రాత్రి వరకే ఇబ్బంది, ఇందులో ఆగితే మిగతా రోజులన్నీ ఇబ్బందే. పైగా కొన్ని ప్యాక్‌లలో అయిపోయాక 64 కూడా ఇవ్వరు, నెట్ ఆగిపోతుంది లేదా MBకి ఇంతని మెయిన్ బ్యాలెన్స్‌లో కోస్తారు. షరతుల్లో ఆ ఒక్క వాక్యం చదవకుండా నెల ప్యాక్ వేయించకండి. వారానికి ఐదు జీబీ లోపు వాడుతూ, ఊరు వెళ్లినప్పుడో క్రికెట్ మ్యాచ్ ఉన్నప్పుడో మాత్రం ఒక్కసారిగా వాడేవాళ్లకి ఇది నిజంగా మంచిది. ఇంట్లో పిల్లల చేతికి వెళ్లే ఫోన్‌కి మాత్రం వద్దు. రోజు కోటా అనే కంచె ఆ ఫోన్‌కి అవసరం.

వోచర్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒక జీబీది 20 రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. చాలావాటిలో ఒక రోజు గడువు అంటే 24 గంటలు కాదు, ఆ రాత్రి 12 వరకే. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే సగం పైన వృథా. నెలకి ఒకటి రెండు సార్లైతే ఇదే చవక, ప్రతి ఆదివారం వేయాల్సి వస్తే 80 రూపాయల దాకా అయి పెద్ద ప్లాన్‌కి పెట్టే అదనపు డబ్బునే మించిపోతుంది. బీఎస్‌ఎన్‌ఎల్ ప్లాన్‌లలో చాలావాటికి కోటా దాటాక 40 Kbpsయే కాబట్టి అక్కడ MBకి మూడు నిమిషాల పైన పడుతుంది. రెండో సిమ్‌గా ఉంచుకునేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఈ అమ్మాయికైతే నేను చెప్పేది 2 జీబీ ప్లానే, కానీ ఒక మార్పుతో. ఆదివారం 3.7లో ఎక్కువ భాగం వీడియోది. 720pలో గంట వీడియోకి సుమారు ఒక జీబీ, 480pలో సుమారు అర జీబీ పోతుంది. రెండున్నర గంటలు చూస్తే ఒకటింబావు జీబీ తేడా. యూట్యూబ్‌లో మొబైల్ నెట్‌వర్క్ నాణ్యతని డేటా సేవర్‌కి మార్చి వదిలేస్తే అవసరం 2.4 దగ్గరికి దిగుతుంది. ఆరంగుళాల తెర మీద ఆ తేడా పెద్దగా కనిపించదు. అప్పుడు 2 జీబీ రాత్రి ఏడున్నర దాకా వస్తుంది. ఆ తర్వాత మిగిలేది రెండు మూడు గంటలే, మరీ అవసరమైతే ఒక వోచర్.

2 జీబీ వైపు మొగ్గడానికి ఇంకో కారణం 5జీ. 2024 జులైలో ధరలు పెంచినప్పటి నుంచి జియో, ఎయిర్‌టెల్ అన్‌లిమిటెడ్ 5జీని ప్రధానంగా రోజుకి 2 జీబీ, ఆ పైన ఉన్న ప్లాన్‌లకి ముడిపెట్టాయి. 5జీ మీద వాడింది రోజు కోటాలోంచి పోదు. కానీ ఫోన్ 4జీకి జారిన క్షణం నుంచి కోటా కరుగుతుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో 5జీ వచ్చిందని ఊళ్లో స్లాబు ఇంటి లోపలి గదిలో కూడా నిలుస్తుందని అనుకోకూడదు. కాబట్టి మీరు ఎక్కువగా కూర్చునే చోటే పరీక్షించండి. ప్లాన్ యాప్‌లో మిగిలిన డేటా ఎంతో రాసుకుని, పది నిమిషాలు వీడియో చూసి, ఇంకో పది నిమిషాలు ఆగి (యాప్‌లో అంకె కొంచెం ఆలస్యంగా మారుతుంది) మళ్లీ చూడండి. అంకె కదలకపోతే 5జీ నిలిచినట్టే, ఇక ఆదివారాల లెక్కే అక్కర్లేదు. వంద, నూటయాభై MB తగ్గితే ఆ గదిలో మీరున్నది 4జీ మీద. కిటికీ దగ్గరికి మారి మరోసారి చూడండి. ఈ పరీక్షకి చేతిలో 2 జీబీ ప్లాన్ ఉండాలి, 1.5 మీద ఉన్నవాళ్లు అదే కంపెనీ 2 జీబీ ప్లాన్ ఉన్న పక్కింటివాళ్ల ఫోన్ పది నిమిషాలు తీసుకుంటే చాలు.

మారాలని తేలాక కూడా తొందరపడి ఈరోజే రీఛార్జ్ చేస్తే కొత్త ప్లాన్ చాలావరకు వెంటనే మొదలవదు, ఇప్పుడున్నది ముగిసేదాకా వరసలో ఉంటుంది. డబ్బు కట్టేశాం, ఇంకా 64 ఏంటని అడిగేవాళ్ల స్క్రీన్‌షాట్‌లో పాత ప్లాన్ కింద కొత్తది ఎదురుచూస్తూ కనిపిస్తుంది. వెంటనే మొదలుపెట్టే వీలు యాప్‌లో ఉన్నా, పాత ప్లాన్‌లో మిగిలిన రోజులు పోతాయేమో చూసుకుని నొక్కండి. పది రోజుల లోపు మిగిలుంటే అప్పటిదాకా ఆదివారానికి ఒక వోచర్‌తో నెట్టుకురావడమే చవక.