వీణ పాఠాల రికార్డింగులకు ట్యాగులు: చాలాకాలం వాడాక నా సమీక్ష

గురువుగారు పాడి, వాయించి ఇచ్చిన పాఠాలన్నీ ఫోన్‌లో ఎంపీ3లుగా ఉన్నాయి. వాటికి Mp3tag అనే ట్యాగుల సాఫ్ట్‌వేర్‌లో వాద్యం, రాగం, పాట, స్థాయి, సాధన వేగం రాసుకుంటూ వస్తున్నాను. కొన్నేళ్లు వాడాక చెప్పగలిగేది ఇది: రాగం, వేగం సరిగ్గా రాస్తే మిగతావి ఎలా ఉన్నా పని నడుస్తుంది.

పాట పేరు ఒక్కటే రాస్తే చాలదు. ‘నిన్నుకోరి’ అని వెతికితే మోహన వర్ణం వస్తుంది, వసంత వర్ణమూ వస్తుంది. రెండూ ఆది తాళమే కాబట్టి తాళం చూసి కూడా తేల్చుకోలేం. RAGA అని విడిగా ఫీల్డ్ పెట్టుకోవచ్చు గానీ, నేను వాడిన ఫోన్ ప్లేయర్లలో అది కనిపించలేదు. అందుకే రాగాన్ని టైటిల్‌లోనే పెడతాను, తెలుగు లిపిలో. ఇంగ్లీషులో అయితే మాయామాళవగౌళను ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో రాస్తారు, తర్వాత వెతికితే సగం దొరకవు.

అసలు చిక్కు వేగంతోనే. వేగం రాసే BPM ఫీల్డ్‌లో ఒక్క సంఖ్యే పడుతుంది. మన సాధనకు అది సరిపోదు. సరళీ వరుస మొదటి కాలంలో తాళం అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మెట్రోనోమ్ 60లో రెండో కాలం వాయించినా, 120లో మొదటి కాలం వాయించినా సెకనుకు రెండు స్వరాలే పడతాయి. వేళ్లకు రెండూ ఒకటే, తాళం వేసే చేతికి మాత్రం కాదు. ఆ 120 అక్షరాల లెక్కో స్వరాల లెక్కో రాయకపోతే, నెల తర్వాత ఫైలు తెరిచి మెట్రోనోమ్ పెట్టుకున్నప్పుడు తాళం కుదరదు. కాలం పక్కన రాస్తే ఆ తిప్పలు ఉండవు.

ఇంకొకటి, రికార్డింగు వేగం వేరు, నా సాధన వేగం వేరు. మొదటిది BPMలో ఉంటుంది, మారదు. రెండోది కామెంట్‌లో ఉంటుంది, చేయి కుదిరినకొద్దీ మారుస్తాను.

```
TITLE=జంట వరుస 3 - మాయామాళవగౌళ
GENRE=వీణ
BPM=60
COMMENT=జంట | రెండో కాలం | సాధన 48
```

ఇక్కడ 48తో మొదలుపెట్టి, రెండో స్వరం మీద మీటు బలం తగ్గకుండా, తాళం జారకుండా వరుసగా మూడు ఆవర్తాలు వస్తేనే 52కి వెళ్తాను. జంటలో రెండో స్వరం నీరసించిందంటే వేగం ఎక్కువైనట్టే.

స్థాయికి ‘ప్రారంభ’, ‘మధ్యమ’ లాంటి మాటలు నాకు పనికిరాలేదు. సరళి, జంట, అలంకారం, గీతం, స్వరజతి, వర్ణం, కృతి అన్న మన పాఠక్రమమే స్థాయి చెబుతుంది. అయితే గమకాలు ఎంత కష్టమో ఇందులో తెలియదు. వర్ణానికైతే కామెంట్‌లో ‘గమకం లేకుండా’ లేదా ‘గమకంతో’ అని చేర్చాలి.

వేణువు నేర్చుకునేవాళ్లు ఏ శ్రుతి వేణువో, గిటార్ వాళ్లు క్యాపో ఏ ఫ్రెట్ మీదో కూడా రాసుకోవాలి. క్యాపో రెండో ఫ్రెట్ మీద పెట్టి G ఆకారం పట్టుకుంటే వినిపించేది A. ఆ ఒక్క మాట లేకపోతే రికార్డింగుతో కలిపి వాయించడం కుదరదు.