జాగ్రత్త: గీజర్ వాల్వ్ కారుతోందంటే ట్యాంకే పోయిందనుకోకండి

బెంగళూరులో, ముఖ్యంగా వైట్‌ఫీల్డ్ వైపు ఎత్తైన అపార్ట్‌మెంట్లలో కింది అంతస్తుల్లో ఉండేవాళ్లు ఇది చదవండి. మాది పద్దెనిమిది అంతస్తుల టవర్‌లో రెండో అంతస్తు. 25 లీటర్ల గీజర్ కింద, చన్నీళ్లు లోపలికి వెళ్లేచోట ఉండే సేఫ్టీ వాల్వ్ నుంచి రాత్రిళ్లు నీళ్లు కారుతుండేవి. సర్వీస్ అబ్బాయి వచ్చి వాల్వ్ పాడైందని మార్చి, డబ్బులు తీసుకుని వెళ్లాడు. కొత్తదీ అలాగే కారింది. రెండోసారి వచ్చినతను ట్యాంకే పోయింది, కొత్త గీజర్ కొనుక్కోమన్నాడు. మూడో మనిషి ఇంకా ఘనుడు. నీళ్లు కారే రంధ్రానికి మరబోల్టు బిగించి, ‘ఇక కారదు మేడమ్’ అన్నాడు. అప్పటికప్పుడు దాన్ని తీయించేశాం.

అదెందుకు ప్రమాదమో ముందు చెప్తాను. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. 25 లీటర్లు 25 డిగ్రీల నుంచి 65కి చేరితే సుమారు 400 మి.లీ. పెరుగుతాయి. వాల్వ్‌లోనే ఉండే నాన్‌రిటర్న్ భాగం ఆ నీళ్లను వెనక్కి పైపులోకి పోనివ్వదు. కాబట్టి లోపల ప్రెషర్ పెరిగి, అదనపు నీళ్లు ఆ రంధ్రం నుంచే బయటికి రావాలి. దాన్ని మూసేస్తే ఆ ఒత్తిడంతా ట్యాంక్ మీద పడుతుంది, ట్యాంక్ పగిలిపోవచ్చు.

అంటే గీజర్ ఆన్‌లో ఉన్నప్పుడు కొన్ని చుక్కలు రావడం మంచిదే. ‘మా పక్కింట్లో చుక్క కూడా రాదు’ అని కంగారు పడకండి, వాళ్ల లైన్‌లో నాన్‌రిటర్న్ లేకపోతే ఉబ్బిన నీళ్లు వెనక్కి పైపులోకే పోతాయి. మీ ఇంట్లో సంగతి తేలాలంటే వాల్వ్ కింద మగ్గు పెట్టి చూడండి. ఒకసారి కాగేసరికి మగ్గులో అర లీటరు లోపే చేరి, స్విచ్ ఆపాక ఆగిపోతే అది మామూలే. స్విచ్ ఆపి నీళ్లు చల్లారాక కూడా కారుతుంటే అది ఉబ్బిన నీరు కాదు. అప్పుడు ఉన్నవి రెండే కారణాలు: లైన్‌లో ప్రెషర్ ఎక్కువైనా కావాలి, వాల్వ్ లోపల మూత ఆనుకునే సీటు పాడైనా కావాలి.

ఈ రెంటిలో ఏదో తేల్చేది ప్రెషర్ గేజ్. దాన్ని హెల్త్ ఫాసెట్ ఉండే అరంగుళం మరకి తగిలిస్తే చాలు. మా ఇంటికొచ్చిన ఒక్కరి దగ్గరా అది లేదు. మేం కొని పెడితే మధ్యాహ్నం 3 బార్ చూపించింది. వాల్వ్ మీద 7 బార్ అని రాసి ఉంది కాబట్టి తప్పంతా వాల్వ్‌దే అనిపిస్తుంది. కానీ అర్ధరాత్రి చూస్తే ముల్లు 7.5 దగ్గర ఉంది!

మా టవర్‌లో సంపు నుంచి పంపు నేరుగా పై అంతస్తుల దాకా నీళ్లు తోస్తుంది. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ కావాలి, పైగా పై అంతస్తు కుళాయిల్లో ధార కూడా రావాలి. అందుకని కింద ప్రెషర్ ఎక్కువే ఉంటుంది. దాన్ని తగ్గించడానికి కింది అంతస్తులకు షాఫ్ట్‌లో ప్రెషర్ తగ్గించే వాల్వ్ పెట్టారు. దాని సీటు అరిగింది. పగలు అందరూ కుళాయిలు తిప్పుతుంటే తేడా తెలియదు. రాత్రి ఎవరూ వాడనప్పుడు మాత్రం అరిగిన సీటు గుండా నీళ్లు కొంచెం కొంచెంగా జారి, ఇవతల ప్రెషర్ అవతలి దాంతో సమానమవుతుంది. పగలొచ్చే సర్వీస్ మనిషికి ఇది కనిపించే అవకాశమే లేదు.

ఒక ప్లంబర్ యాంగిల్ కాక్ సగం మూసి ఉంచమని సలహా ఇచ్చాడు. దానివల్ల ధార తగ్గుతుందే గానీ, నీళ్లు కదలనప్పుడు ప్రెషర్ రెండు వైపులా ఒకటే అవుతుంది. ఉపయోగం లేదు.

రాత్రి గేజ్ ఫొటో పంపాక అసోసియేషన్ వాళ్లు షాఫ్ట్ వాల్వ్ లోపలి భాగం మార్పించి 3 బార్‌కి సెట్ చేశారు. ఇప్పుడు కాగేటప్పుడు వచ్చే చుక్కలే వస్తున్నాయి.

అర్ధరాత్రి గేజ్ కూడా 3 బార్ లోపే చూపిస్తూ, చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతుంటే అప్పుడు వాల్వ్‌నే అనుమానించాలి. మన బోరు నీళ్ల సున్నం, ఇసుక రేణువులు సీటు మీద కూర్చుంటాయి. స్విచ్ ఆపి, నీళ్లు చల్లారాక వాల్వ్‌కి లీవర్ ఉంటే కొన్ని సెకన్లు ఎత్తి వదలండి, చెత్త కొట్టుకుపోతే ఆగవచ్చు. ఆగకపోతే మార్చండి, ట్యాంక్ జోలికి వెళ్లనవసరం లేదు. ట్యాంక్ నిజంగా చిల్లిపడితే నీళ్లు వాల్వ్ రంధ్రం నుంచి కాదు, గీజర్ బాడీ కింది అంచు నుంచి కారుతాయి.

వాల్వ్ నుంచి ఆవిరి గానీ, సలసలా కాగే నీళ్లు గానీ వస్తే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. థర్మోస్టాట్ పోయి ఉండవచ్చు. గీజర్‌ని ముట్టుకోకుండా ముందు ఎంసీబీ దించేయండి.