నెట్ బాగానే ఉంది, మాట మాత్రం వినిపించలేదు: ఒక గేమ్ కన్సోల్ పార్టీ చాట్‌పై దీర్ఘకాలం వాడాక సమీక్ష

ఈ కన్సోల్ గ్రాఫిక్స్ గురించి, స్టోరేజీ గురించి, ఫ్యాన్ చప్పుడు గురించి కొన్నవాళ్లు ఇదివరకే ఎంతో రాశారు కనుక వాటి జోలికి నేను పోను. కంపెనీ పేరు కూడా చెప్పడం లేదు. నేను చెప్పబోయే చిక్కు ఒక్క కంపెనీదే అన్నట్టు ఉండకూడదని నా ఉద్దేశం. రెండేళ్లకు పైగా వాడిన తరువాత నాకు ఈ యంత్రం మీద మిగిలిన ఫిర్యాదు ఒక్కటే. పార్టీలో, అంటే ఆడుతూ హెడ్‌సెట్లలో మాట్లాడుకునే బృందంలో, ఒకరి మాట మరొకరికి వినిపించనప్పుడు, దానికి కారణం తనకు తెలిసి కూడా అది మనకు చెప్పదు.

మొదటి ఏడాదిలో ఎవరడిగినా పార్టీ చాట్‌నే మెచ్చుకునేవాణ్ణి. కాకినాడలో మాకు ఆదివారం ఉదయం ఎనిమిది గంటలైతే డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి శనివారం రాత్రి. ఆ వేళకు నేను, పన్నెండేళ్ల మా అబ్బాయి, వాళ్ల బాబాయి ఒకే పార్టీలో చేరి ఫుట్‌బాల్ ఆడుకునేవాళ్లం. అంత దూరం నుంచి మాట వచ్చేసరికి పావు సెకను ఆలస్యం తెలిసేది తప్ప, మాట తెగిపోవడం గానీ గరగరలాడటం గానీ ఉండేది కాదు. ఆ మెప్పును ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను. అయితే అది ముగ్గురూ ఒకరి స్నేహితుల జాబితాలో ఒకరు ఉన్న పార్టీకి మాత్రమే వర్తించే మెప్పు అని ఇప్పుడు చేర్చక తప్పదు.

మా తమ్ముడి సహోద్యోగి ఒకాయన నాలుగో మనిషిగా చేరిన నాటి నుంచి కథ మారింది. ఆయనకు కన్సోల్ లేదు. తన విండోస్ ల్యాప్‌టాప్‌లో అదే కంపెనీ యాప్ పెట్టుకుని పార్టీలోకి వచ్చారు. తెరపై నాలుగు పేర్లూ కనిపించాయి, నాలుగింటి పక్కనా కనెక్షన్ గుర్తు నిండుగా ఉంది, ఆట కూడా ఎక్కడా ఆగలేదు. ఆయన మా ముగ్గురి మాటలూ వింటున్నారు, మాకు మాత్రం ఆయన మాట వినిపించడం లేదు. తన మైకు నిక్షేపంగా ఉందని, ఆటలోని సొంత వాయిస్ చానెల్‌లో తన మాట అందరికీ వినిపిస్తోందని ఆయన చాట్‌లో టైపు చేశారు. అది నిజమే. అందువల్లనే అందరి అనుమానమూ మా ఇంటి ఇంటర్నెట్ మీదికి మళ్లింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. స్పీడ్ టెస్టులో వంద మెగాబిట్లు వచ్చినంత మాత్రాన వాయిస్ చాట్ పనిచేస్తుందని గానీ, పనిచేయకపోతే తప్పు నెట్‌దేనని గానీ అనుకోవడానికి వీల్లేదు. మనిషి మాటకు సెకనుకు కొన్ని పదుల కిలోబిట్లు చాలు. నెట్ బలహీనంగా ఉంటే మాట ముక్కలవుతుంది, రోబో గొంతులా వస్తుంది, లేదా పార్టీ నుంచే మనిషి బయటికి పడిపోతాడు. రూటర్ అడ్డుపడితే పార్టీలో చేరడమే కుదరకపోవచ్చు. అంతా సజావుగా కనిపిస్తూ, ఒక మనిషి మాట మాత్రం పూర్తి నిశ్శబ్దంగా ఉంటే ముందుగా అనుమతుల వైపు చూడటం మంచిది. ఆ రోజు మేము మొబైల్ హాట్‌స్పాట్ మీదికి మారి చూసినా తేడా ఏమీ రాకపోవడంతో నెట్‌పై అనుమానం తీరింది.

అసలు పట్టిచ్చింది పార్టీ జాబితాలోని ఒక చిన్న గుర్తు. ఎవరైనా మాట్లాడుతుంటే వారి పేరు పక్కన ధ్వని గుర్తు వెలుగుతుంది. ఆయన మాట్లాడుతున్నా, ఆయన తెర మీదే ఆయన పేరు పక్కన ఆ గుర్తు వెలగడం లేదు. అంటే మాట ఆయన ల్యాప్‌టాప్ దాటి రావడం లేదు సరికదా, యాప్‌కు కూడా చేరడం లేదు. విండోస్ 11లో Settings → Privacy & security → Microphone అనే చోట మైకుకు ఒకటి కాదు, కొన్ని మీటలు ఉంటాయి. యాప్‌లన్నిటికీ కలిపి ఒకటి, స్టోర్ నుంచి దింపుకున్న ఒక్కొక్క యాప్‌కు విడిగా ఒకటి, కింద డెస్క్‌టాప్ ప్రోగ్రాములన్నిటికీ కలిపి మరొకటి. ఆయన ఆట డెస్క్‌టాప్ ప్రోగ్రాముల లెక్కలోకి వస్తుంది. పార్టీ యాప్‌కు మాత్రం విడిగా మీట ఉంది, అది ఆపి ఉంది. అందుకే ఆటలో వినిపించిన గొంతు పార్టీలో వినిపించలేదు. పైగా ఈ అనుమతి మైకుకే గాని స్పీకరుకు కాదు కనుక ఆయన మా మాటలు హాయిగా వింటూనే ఉన్నారు. మీట వేసి, యాప్‌ను మూసి మళ్లీ తెరవగానే గుర్తు వెలిగింది, గొంతు వచ్చింది.

కన్సోల్ వాడేవారికి ఈ మీట ఉండదు గాని, అదే పరీక్ష వారికీ పనికొస్తుంది. మాట్లాడినప్పుడు మన పేరు పక్కన గుర్తు వెలగకపోతే హెడ్‌సెట్ తీగ మీది మ్యూట్ బటన్ చూడాలి, ఆ తరువాత ప్లగ్గు చూడాలి. ప్లగ్గు మీద గీతలు మూడుంటే మైకు ఉన్నదని అర్థం. రెండే ఉంటే అది పాటలు వినే ఇయర్‌ఫోన్, దానితో వినగలమే గాని మాట్లాడలేము. గుర్తు వెలుగుతూ ఉంటే ఇక హెడ్‌సెట్‌ను వదిలేయవచ్చు. కొత్త హెడ్‌సెట్ కొనే ముందు చూడవలసింది ఇదొక్కటే అని నా అభిప్రాయం.

చిక్కు అంతటితో తీరిందనుకున్న మర్నాటి ఆటలో మరింత విచిత్రమైన పరిస్థితి ఎదురైంది. ఆయన మాట నాకు, మా తమ్ముడికి స్పష్టంగా వినిపిస్తోంది. మా అబ్బాయికి మాత్రం ఆయన గొంతు లేదు, ఆయనకు మా అబ్బాయి గొంతు లేదు. బంతి ఎడమకు వేయమని ఆయన అరుస్తుంటే వాడు కుడికి వేస్తాడు. వాడేదో అడిగితే ఆయన ఉలకరు పలకరు. మధ్యలో మా తమ్ముడు, "ఒరేయ్, అంకుల్ నిన్నే అడుగుతున్నారు" అంటూ ఒకరి మాట ఒకరికి అందించవలసి వచ్చింది. అబ్బాయి పేరు పక్కన గుర్తు నాకు వెలుగుతోంది, ఆయన పేరు పక్కన గుర్తు కూడా వెలుగుతోంది. మైకులు రెండూ బాగున్నాయి. మిగతా ఇద్దరితో ఇద్దరికీ సంభాషణ సాగుతోంది కనుక నెట్టు కూడా బాగుంది. పార్టీలో ఒక్క జంట మధ్య మాత్రమే, అదీ రెండు వైపులా, మాట ఆగిందంటే దానికి కారణం ముందుగా గోప్యతా అమరికలోనో బ్లాకులోనో వెతకాలి.

ఈ యంత్రంలో పార్టీ అంటే అందరూ కూర్చునే ఒకే గది కాదు. ఉన్నవాళ్లలో ప్రతి ఇద్దరికీ మాట్లాడుకునే అనుమతి ఉందా లేదా అని విడివిడిగా చూస్తుంది. మా అబ్బాయిది పిల్లల అకౌంటు. దాని అమరికలను మా ఆవిడ తన ఫోన్‌లోని తల్లిదండ్రుల యాప్ నుంచి తెరిచి చూసింది. మాటల ద్వారా సంభాషణ అన్న అమరికలో ఎవరితోనైనా, స్నేహితులతో మాత్రమే, ఎవరితోనూ వద్దు అని మూడు దారులు ఉన్నాయి. పిల్లల అకౌంటుకు యంత్రమే మధ్యదాన్ని పెట్టింది. బాబాయి, నేను వాడి స్నేహితుల జాబితాలో ఉన్నాం, ఆ సహోద్యోగి లేరు. పార్టీలోకి పిలిచింది మా తమ్ముడు గనుక ఆయన రాగలిగారు, కానీ మా వాడితో మాట్లాడే అనుమతి ఆ పిలుపుతో రాలేదు.

ఈ ఏర్పాటు తప్పని నేను అనను. పన్నెండేళ్ల పిల్లవాడి చెవిలో ముక్కూ మొహం తెలియనివారి గొంతు పడకపోవడం మాకు కావలసిందే. ఒకరు మరొకరిని బ్లాకు చేస్తే ఆ సంగతి రెండోవారికి తెలియనీయకపోవడంలో కూడా న్యాయం ఉంది. తెలిస్తే బయట గొడవలవుతాయి. నా అభ్యంతరం వేరు. పిల్లవాడి తెర మీద "మీ అకౌంటు అమరిక వల్ల ఈ వ్యక్తితో మాట్లాడలేరు" అన్న ఒక్క వాక్యం చూపితే ఎవరి రహస్యమూ బయటపడదు. కనీసం తల్లి ఫోన్‌కు ఒక నోటిఫికేషన్ పంపినా సరిపోయేది. అవేవీ లేక, వాడు నా హెడ్‌సెట్, తన హెడ్‌సెట్ మార్చి మార్చి పెట్టుకున్నాడు. కంపెనీ సహాయ విభాగానికి రాస్తే రూటర్‌ను ఆపి మళ్లీ వేయమని ఒకసారి, కన్సోల్‌ను ఫ్యాక్టరీ స్థితికి తెమ్మని మరొకసారి జవాబు వచ్చింది. రెండో సలహా పాటించి ఉంటే ఆటలన్నీ మళ్లీ దింపుకోవలసి వచ్చేది, మాట మాత్రం వచ్చేది కాదు. అమరిక ఉన్నది కన్సోల్‌లో కాదు, అకౌంటులో.

పరిష్కారానికి రెండు దారులు కనిపించాయి. సంభాషణను ఎవరితోనైనా అని మార్చడం సులువు. కానీ అప్పుడు ఊరూపేరూ తెలియని ఆటగాళ్లందరికీ అదే తలుపు తెరిచినట్టవుతుంది కనుక మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆయన్ను స్నేహితుల జాబితాలో చేర్చడం రెండోది. పిల్లల అకౌంటు కొత్తవారిని చేర్చుకోవాలంటే అదీ తల్లి అనుమతించాలి, ఆ అభ్యర్థన ఆమె ఫోన్‌కే వస్తుంది. ఆమెకు ఆయన తెలిసినవారే గనుక అనుమతించింది, ఆయన కూడా అటు నుంచి స్వీకరించారు. అయినా మాట రాలేదు. అనుమతులను యంత్రం పార్టీలో చేరేటప్పుడు చూసుకుంటుందే గాని, మధ్యలో మారితే వెంటనే గమనించదని ఇక్కడే తెలిసింది. అబ్బాయి పార్టీ వదిలి, అకౌంటు నుంచి బయటికి వచ్చి, తిరిగి లోపలికి వెళ్లి పార్టీలో చేరిన తరువాత ఆయన నమస్కారం వాడికి వినిపించింది. అమరిక మార్చి పది సెకన్లు చూసి, ఫలితం లేదని తిరిగి పాత స్థితికి తెచ్చేవారు ఈ అంచె దగ్గరే దారి తప్పుతారు.

ఆ సహోద్యోగి కూతురి దగ్గర ఉన్నది వేరే కంపెనీ కన్సోల్. ఆమె ఈ పార్టీలోకి రావడానికి వీల్లేదు. ఆమెతో ఆడినప్పుడు ఆటలోని సొంత వాయిస్ చానెల్ వాడాలి, దానికి మా వాడి అకౌంటులో బయటి నెట్‌వర్కుల వారితో సంభాషణ అని మరొక అనుమతి ఉంది. అది మేము ఇంకా ఇవ్వలేదు, ఇచ్చే ఆలోచన కూడా ప్రస్తుతానికి లేదు.

ఈ కన్సోల్ కొనవచ్చునా అంటే అది ఇంటిని బట్టి ఉంటుంది. ఆడేవారందరూ పెద్దవాళ్లయి, అందరి దగ్గరా అదే యంత్రం ఉంటే, ఈ పార్టీ చాట్ గురించి నేను మొదట అన్న మంచి మాటలే ఇప్పుడూ అంటాను. పిల్లల అకౌంటు ఉన్న ఇంట్లో అయితే, కొన్న రోజునే తల్లిదండ్రుల యాప్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉన్నదో చూసుకుని, బంధువులందరినీ స్నేహితుల జాబితాలో చేర్చించి ఆ తరువాతే పార్టీకి పిలవాలి. మా తమ్ముడి దగ్గర ఇదే కన్సోల్ ఉంది కాబట్టి నేను మరో కంపెనీకి మారే అవకాశం లేదు. ఆ కారణం లేనివారు నా మాటను అంత గట్టిగా తీసుకోనవసరం లేదు.